ఆరు అంకెల దూరం: తిరుపతి హోటల్ బిల్లుల డేటా బయటికి పంపే ముందు

తిరుపతిలో హోటళ్లకు, లాడ్జీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. సర్వర్ ఆగిపోతే, జీఎస్టీ రిటర్న్ టాలీ కాకపోతే, నైట్ ఆడిట్‌లో రూపాయి తేడా వస్తే నాకు ఫోన్ వస్తుంది. ఈ కేసు మాత్రం ఏదో పాడైపోయి రాలేదు. అంతా బాగానే ఉంది, ఒకసారి చూసి ఓకే అనండి అని వచ్చింది.

హోటల్ పేరు చెప్పను. బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, డెబ్బైకి కొంచెం తక్కువ గదులు. శని ఆదివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వస్తే గది దొరకదు. మామూలు మంగళ బుధవారాల్లో సగం ఖాళీ. ఆ సగం ఎలా నింపాలో, ఏ రోజు ఎంత రేటు పెట్టాలో చెప్పడానికి ఓనరు చెన్నై నుంచి ఒక కన్సల్టెంట్‌ను పెట్టుకున్నారు. ఆయన మూడేళ్ల బిల్లుల డేటా అడిగారు. ఏ తేదీన ఏ రకం గది ఎంతకు పోయింది, ఎన్ని రోజుల ముందు బుక్ చేశారు, వచ్చినవాళ్లలో మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లెందరు. ఆయన అడిగింది నిజానికి అంతే.

హోటల్లో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు తెలివైనవాడే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టి, సుమారు 41,000 బిల్లులున్న ఫైలు తయారు చేశాడు. పేర్లు, అడ్రసులు తీసేశాడు. కార్డు నంబరు కాలమ్‌లో మొదటి ఆరు, చివరి నాలుగు ఉంచి మధ్యవి చుక్కలు చేశాడు. మళ్లీ వచ్చిన గెస్టును గుర్తుపట్టాలి కదా అని, పక్కన ఇంకో కాలమ్ పెట్టి అందులో కార్డు నంబరు మొత్తానికి షా-256 హ్యాష్ వేశాడు, అంటే ఒకే నంబరుకు ఎప్పుడూ ఒకే గజిబిజి అక్షరాల వరస ఇచ్చే లెక్క. "హ్యాష్‌ను ఎవరూ వెనక్కి తిప్పలేరన్నా, చదువుకున్నాను" అన్నాడు. చదివింది నిజమే. కానీ ఇక్కడ వెనక్కి తిప్పే అవసరమే లేదు.

ముందు ఒక సంగతి. హోటల్ దగ్గర పూర్తి కార్డు నంబర్లు ఎందుకున్నాయి? స్వైపింగ్ మెషిన్ స్లిప్పు మీద చివరి నాలుగే పడతాయి. కానీ వీళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో బిల్లు సెటిల్ చేసే స్క్రీన్‌లో 'కార్డ్ నెం.' అని ఒక ఖాళీ గడి ఉంది. రిసెప్షన్‌లో ఎవరో ఒకరోజు గెస్టు కార్డు చేతిలో పట్టుకుని పదహారు అంకెలూ కొట్టారు. తర్వాత వచ్చినవాళ్లు అదే నేర్చుకున్నారు. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకులు, కార్డు నెట్‌వర్కులు తప్ప మరెవరూ కార్డు వివరాలు దాచుకోకూడదని, లెక్కలు సరిచూసుకోవడానికి చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రం ఉంచుకోవచ్చని ఆర్‌బీఐ నిబంధన. ఆ సంగతి ఈ రిసెప్షన్ కౌంటరు దాకా రాలేదు. కార్డుతో కట్టిన బిల్లుల్లో 6,000కు పైగా పూర్తి నంబరుతో డేటాబేస్‌లో ఉన్నాయి.

ఇక కుర్రాడి ఫైలు సంగతి. మొదటి ఆరు, చివరి నాలుగు కనిపిస్తున్నాయి కాబట్టి పదహారులో తెలియనివి ఆరే. ఆరు అంకెలంటే పది లక్షల రకాలు. అందులోనూ కార్డు నంబర్లన్నీ లూన్ లెక్కకు లోబడి ఉంటాయి. చివరి అంకె ముందువాటిని బట్టి వచ్చే సరిచూపు అంకె. ఆ లెక్క కుదిరేవి పదింటికి ఒకటే. అంటే మిగిలేవి లక్ష. ఆ లక్షను ఒక్కొక్కటిగా తీసుకుని షా-256 వేసి, ఫైల్లో ఉన్న హ్యాష్‌తో పోల్చి చూస్తే సరిపోయేది ఒక్కటే ఉంటుంది. హ్యాష్‌ను ఎవరూ పగలగొట్టలేదు. మనం ఊహించగలిగిన లక్ష జవాబుల్లో సరైనది ఏదో ఆ హ్యాషే చెప్పేసింది.

ఇది నోటితో చెబితే ఓనరుకు ఎక్కలేదు. "అంత ఓపిక ఎవరికుంటుందప్పా?" అన్నారు. అందుకని ఆయన ఒప్పుకున్నాకే ఒక పని చేశాను. కిందటేడు వాళ్ల బావమరిది పెళ్లికి వచ్చిన చుట్టాలకు ఇచ్చిన గదుల బిల్లు ఆయనే తన కార్డుతో కట్టారట. ఆ బిల్లు నంబరు అడిగాను. డేటాబేస్ ముట్టుకోలేదు, కన్సల్టెంటుకు వెళ్లబోయే ఫైలు మాత్రమే తెరిచాను. పది పన్నెండు వరసల పైథాన్ రాసి ఎంటర్ కొట్టాను. సెకను లోపే పదహారు అంకెలు తెర మీద పడ్డాయి. ఆయన పర్సులోంచి కార్డు తీసి, కళ్లద్దాలు పైకి జరిపి, ఒక్కో అంకె వేలు పెట్టి చూసుకున్నారు. తర్వాత కార్డును పర్సులో పెట్టలేదు, బోర్లా తిప్పి టేబుల్ మీద పెట్టారు. ఒక్కోదానికి సెకను చొప్పున చూసినా ఆ 6,000 నంబర్లకు రెండు గంటలు కూడా పట్టవు.

చుక్కలు పెట్టడం తప్పు కాదు, హ్యాష్ వేయడమూ తప్పు కాదు. రెండూ ఒకే వరసలో పక్కపక్కన పెట్టడం తప్పు. కార్డు కంపెనీల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ కూడా ఇదే చెబుతుంది. ఒకే నంబరుకు కత్తిరించిన రూపం, హ్యాష్ రూపం రెండూ ఉంటే, వాటిని జత చేసి అసలు నంబరు కట్టడానికి వీల్లేకుండా చూడాలి. 2022లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఇంకో మెట్టు పెరిగింది. కార్డు నంబరును హ్యాష్‌తో దాచాలనుకుంటే కీ కలిపిన హ్యాషే వాడాలి, కీ అంటే మన దగ్గర మాత్రమే ఉండే రహస్య విలువ. ఇది 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి.

నేను మాత్రం కీ కలిపిన హ్యాష్ కూడా వద్దన్నాను. రూము రేట్లు లెక్కగట్టేవాడికి కార్డు నంబరుతో పనేముంది? అతనికి కావలసింది 'ఈ గెస్టు ఇదివరకు వచ్చాడా' అన్న ఒక్క ప్రశ్నకు జవాబు. దానికి ఫోన్ నంబరు చాలు. అదే మెరుగు కూడా. ఒక మనిషి దగ్గర మూడు కార్డులుంటాయి, ఫోన్ నంబరు మాత్రం ఏళ్ల తరబడి ఒకటే. కార్డు కాలమ్ మొత్తం తీసేసి, క్యాష్, కార్డు, యూపీఐ అని చెల్లింపు పద్ధతి ఒక్కటే ఉంచాం.

అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. ఎక్కువ సమయం తిన్నది ఆ తర్వాతి కాలమ్. దాని పేరు `remarks`.

రిసెప్షన్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు, సాఫ్ట్‌వేర్‌లో చోటు లేనిదంతా రిమార్క్స్‌లోకే పోతుంది. 'లేట్ చెకౌట్ ఎండీ సార్ చెప్పారు', 'మోకాలి ఆపరేషన్, గ్రౌండ్ ఫ్లోర్ ఇవ్వాలి' లాంటివి. మనిషి ఆరోగ్యం, ఎవరితో వచ్చారు, ఎవరి సిఫార్సు, అన్నీ అందులోనే. ఫోన్లో బుకింగ్ చేసినవాళ్లు రాకపోతే డబ్బులు పోకుండా కార్డు నంబరు చెప్పించుకుని రాసిపెట్టినవి కూడా అందులోనే ఉన్నాయి. కుర్రాడు ఈ కాలమ్‌ను వదల్లేదు, పదహారు అంకెలు వరసగానో, మధ్యలో ఖాళీలతోనో కనిపిస్తే చుక్కలు చేసే సూత్రం రాశాడు. అది ఎంత పనిచేస్తుందో చూడటానికి ఫైలు కాపీ ఒకటి తీసుకుని, అందులో టెస్టు కోసం అందరూ వాడే వీసా నంబరును పది వరసల్లో పది రకాలుగా నాటాను. వాటిలో నాలుగు ఇవి:

```
adv card 4111111111111111
4111-1111-1111-1111 no show chrg
4111 1111 1111 1111 12/27 late arrival
4111111111111110
```

సూత్రం పట్టుకున్నది పదింటిలో ఆరు. గీతలున్నవి, చుక్కలున్నవి తప్పించుకున్నాయి, అది ఊహించిందే. అంకెల మధ్య గీత, ఖాళీ, చుక్క ఏదున్నా తీసేసి చూడమని సూత్రం మార్చాను, లూన్ లెక్క కూడా జోడించాను. అప్పుడు కొత్త తంటా వచ్చింది. అంతకుముందు దొరికిన మూడో వరస ఈసారి దొరకలేదు! కార్డు నంబరు పక్కన ఒక ఖాళీ వదిలి గడువు నెల 12 రాసి ఉంది కదా, ఖాళీలు తీసేసరికి ఆ రెండంకెలూ నంబరుకు అతుక్కుపోయి పద్దెనిమిది అయ్యాయి. మొత్తానికి లూన్ కుదరలేదు, కార్డు కాదనుకుని వదిలేసింది. పొడుగాటి అంకెల వరస దొరికితే దాన్ని మొత్తంగా కాకుండా, లోపల 13 నుంచి 19 అంకెల ముక్కలన్నీ జరుపుకుంటూ చూడాలి. అలా చూస్తే ట్రావెల్ సైట్ల బుకింగ్ నంబర్లు కూడా కార్డుల్లా పట్టుబడతాయి, ఎందుకంటే ఏ అంకెల వరసైనా పదింటికొకటి లూన్‌కు కుదిరిపోతుంది. కార్డు 4తోనో 5తోనో మొదలవుతుంది కదా అని వడపోత పెడదామనుకునేవాళ్లకు ఒక మాట. రూపే కార్డులు 6తో మొదలయ్యేవి మాత్రమే కాదు, 8తో మొదలయ్యేవీ ఉన్నాయి.

నాలుగో వరస అసలు చిక్కు. దాన్ని నేను సరదాకు నాటలేదు, ఫైల్లో అలాంటివి నిజంగానే కనిపించాయి. చివర సున్నా ఉన్న పదహారు అంకెల నంబర్లు, ఒకటీ రెండూ కాదు, వందల్లో. అదెలా వచ్చిందంటే అకౌంటెంటు గారు ఒకప్పుడు పాత డేటాను ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి, కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా పదిహేను అంకెలే గుర్తుంచుకుంటుంది. పదహారో అంకెను సున్నా చేసేస్తుంది. తెర మీద `4.11111E+15` అని కనిపిస్తుంది, గడిలో ఉండేది 4111111111111110.

"మరి మంచిదే కదా సార్, నంబరు చెడిపోయింది" అన్నారు అకౌంటెంటు. నేను తెల్లకాగితం తీసుకుని ఆయనకు లెక్క చేసి చూపించాను. మొదటి పదిహేను అంకెలు 4, తర్వాత పద్నాలుగు ఒకట్లు. లూన్ పద్ధతిలో ఒకటో, మూడో, ఐదో స్థానాలు, ఇలా బేసి స్థానాల్లో ఉన్నవాటిని రెట్టింపు చేయాలి. 4 ఎనిమిదవుతుంది, మిగతా ఏడు ఒకట్లూ రెండ్లు అయి 14 అవుతాయి. సరి స్థానాల్లో ఉన్న ఏడు ఒకట్లు అలాగే ఉంటాయి, 7. ఎనిమిది, పద్నాలుగు, ఏడు కలిపితే 29. మొత్తం పదితో భాగింపబడాలి కాబట్టి ఇంకొక్కటి కావాలి. చివరి అంకె 1. ఎక్సెల్ పోగొట్టిన అంకె ఏదో కార్డు నంబరే చెబుతుంది, ఎందుకంటే పోయింది సరిగ్గా సరిచూపు అంకె. అంటే నంబరు పూర్తిగా ఉన్నట్టే లెక్క. పైగా లూన్ కుదరని రూపంలో ఉంది కాబట్టి నంబరును మొత్తంగా లూన్‌తో సరిచూసే పరికరానికి దొరకదు. ఇంతకంటే మంచి మారువేషం కావాలని వేసినా కుదరదు. అప్పటినుంచి పదహారు అంకెలుండి చివర సున్నా ఉంటే, లూన్ ఏమన్నా సరే, నేను దాన్ని కార్డు కిందే లెక్కేస్తాను.

రెండు రోజులు ఇలా సూత్రం మీద సూత్రం వేశాక, మేం దారి మార్చాం. దాచాల్సినవాటిని ఏరి తీసే పని ఆపేసి, పంపాల్సినవి ఏవో కాగితం మీద రాసుకున్నాం. కన్సల్టెంటుకు ఫోన్ చేసి, రిమార్క్స్‌లో మీకు పనికొచ్చేదేమిటని అడిగితే, "లేట్ చెకౌట్ ఎన్నిసార్లు ఇచ్చారు, నో షో ఎన్ని, అంతే సార్" అన్నారు. ఆ రెండింటికీ అవును, కాదు అని రెండు కాలమ్‌లు మేమే ఇక్కడ తయారు చేశాం. రిమార్క్స్ కాలమ్ ఈ బిల్డింగ్ దాటలేదు. ఎక్స్‌పోర్ట్‌లో ముప్పై నాలుగు కాలమ్‌లుంటే బయటికి వెళ్లింది పదమూడు. రేపు సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్‌లో కొత్త కాలమ్ ఒకటి చేర్చినా, ఆ పదమూడు పేర్లలో లేదు కాబట్టి అది దానంతటది బయటికి పోదు. వెతికే సూత్రాన్ని పారేయలేదు. అది ఇప్పుడు పంపబోయే ఫైలును చివర్లో ఒకసారి తనిఖీ చేయడానికి మాత్రమే. ఆ తనిఖీలో ఒక్కటి దొరికినా ఆ నంబరును చుక్కలు చేసి ముందుకు పోము. ఏ కాలమ్‌లోంచి వచ్చిందో చూసి ఎక్స్‌పోర్ట్ మళ్లీ మొదటి నుంచి చేస్తాం.

పదమూడులో ఒక కాలమ్ జీఎస్టీ నంబరుకు బదులు వచ్చింది. కంపెనీ పేరు మీద బిల్లు తీసుకునేవాళ్ల జీఎస్టీ నంబర్లు ఎక్స్‌పోర్ట్‌లో ఉన్నాయి. "అది పబ్లిక్ నంబరే కదా" అని అకౌంటెంటు వదిలేశారు. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉండేది ఆదాయపు పన్ను పాన్ నంబరు. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాడైతే అది ఆ మనిషి పాన్. కన్సల్టెంటుకు కావలసింది అది కంపెనీ బిల్లా కాదా, ఏ రాష్ట్రం అన్నదే. మొదటి రెండు అంకెలే ఉంచాం, 37 మనది, 33 తమిళనాడు, 29 కర్ణాటక. పనిలో పనిగా ఒక గందరగోళమూ తీరింది. కన్సల్టెంట్ పంపిన ఒప్పందంలో 'పాన్ వివరాలు పంపరాదు' అని ఉంటే అకౌంటెంటు పాన్ కార్డు కాలమ్ తీసేసి సంతకానికి సిద్ధమయ్యారు. కార్డుల లోకంలో పాన్ అంటే కార్డు మీది పదహారు అంకెలే.

ఫోన్ నంబరుకు కీ కలిపిన హ్యాష్ వేశాం. ఇక్కడ కీ లేకపోతే కార్డు కథే మళ్లీ మొదలవుతుంది. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి ఉండగలిగినవి మొత్తం 400 కోట్లు. గేములాడే గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరుకు అదొక పెద్ద పని కాదు. వాడింది ఇంతే:

```python
import hmac, hashlib, re

def guest_id(phone, key):
    d = re.sub(r"\D", "", phone)[-10:]
    if len(d) < 10:
        return ""
    return hmac.new(key, d.encode(), hashlib.sha256).hexdigest()[:16]
```

చివరి పది అంకెలే తీసుకోవడం ముఖ్యం. ఒకరోజు +91తో, ఒకరోజు ముందు సున్నాతో, ఒకరోజు ఏమీ లేకుండా రాసిన ఒకే నంబరు, అలా చేయకపోతే ముగ్గురు గెస్టులవుతుంది. కీ 32 బైట్లు, `secrets.token_bytes(32)`తో పుట్టించింది. అది ఓనరు బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. నా దగ్గర కాపీ లేదు, కుర్రాడి దగ్గరా లేదు. రేపు వేరే కన్సల్టెంటుకు డేటా ఇస్తే వేరే కీ పుట్టించాలని చెప్పాను. ఒకే కీ వాడితే ఇద్దరి ఫైళ్లూ కలిపినప్పుడు ఒకే గెస్టు రెండింటిలోనూ కనిపిస్తాడు.

ఇంత చేసినా ఇది పేరు తెలియని డేటా అయిపోయిందని నేను అనను. కీ ఉన్నంతకాలం వెనక్కి వెళ్లే దారి ఉంది. కీ లేకపోయినా, వైకుంఠ ఏకాదశి రాత్రి ఆ హోటల్‌లోని ఒకే ఒక్క సూట్‌లో దిగింది ఎవరో తిరుపతిలో చాలామందికి తెలుసు. అందుకే రూము నంబరు బదులు రూము రకం పెట్టి, ఒక్కటే ఉన్న సూట్‌ను డీలక్స్‌లో కలిపేశాం. బిల్లు నంబరు తీసి వరస కలిపేసిన కొత్త నంబరు వేశాం. పిన్‌కోడ్‌లో మొదటి మూడు అంకెలే, అంటే 517501 అయితే 517. ఒక ప్రాంతం నుంచి ఐదుగురి కంటే తక్కువ వచ్చి ఉంటే 'ఇతర'. తేదీ మాత్రం కదిలించలేదు. కదిలిస్తే రేట్ల లెక్కే ఉండదు. ఆ మాత్రం రిస్క్ మిగిలింది కాబట్టే ఒప్పందంలో ఫైలు ఎవరెవరు చూడొచ్చు, పని అయ్యాక ఎప్పటిలోగా చెరిపేయాలి అన్నది రాయించాం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం బయటివాడి చేత పని చేయించుకున్నా గెస్టుకు జవాబు చెప్పాల్సింది హోటలే.

డేటాబేస్‌లోని పాత కార్డు నంబర్లను చివరి నాలుగు ఉంచి చెరిపేయడానికి ఒక పూట పట్టింది. ఆ గడిలో నాలుగు అంకెలకు మించి పట్టకుండా సాఫ్ట్‌వేర్‌వాళ్ల చేత మార్పించాం. బ్యాకప్‌ల పని ఇంకా సాగుతోంది. మూడేళ్ల నైట్ బ్యాకప్‌లు రెండు హార్డ్ డిస్కుల్లో, మరి కొన్ని అకౌంటెంటు గారి ఇంట్లో ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఫైలు వెళ్లిన వారానికి కన్సల్టెంట్ ఫోన్ చేశారు. "సార్, మీకొక అద్భుతమైన కస్టమర్ ఉన్నారు. మూడేళ్లలో 612 బిల్లులు. ఒకేరోజు ఏడు గదులు కూడా తీసుకున్నారు. ట్రావెల్ ఏజెంటా? వాళ్లకు స్పెషల్ రేటు ఇస్తున్నారా?" ఆయన దగ్గరున్నది `guest_id` అనే పదహారు అక్షరాలే, ఎవరో ఆయనకు తెలిసే దారి లేదు. నాకూ లేదు. ఓనరు దగ్గరికి వెళ్లి బీరువా తీయించి, కీ పెట్టి, అనుమానం ఉన్న నంబర్లు ఒక్కొక్కటిగా వేసి చూశాం. మొదట ట్రావెల్స్ వాళ్ల నంబర్లు నాలుగు. కుదరలేదు. 9999999999 వేశాం, అది వేరే ఐడీ. కుర్రాడు కాసేపు గోడ వైపు చూసి, కౌంటరు మీది బోర్డులో ఉన్న నంబరు వేయమన్నాడు. కుదిరింది. గెస్టు నంబరు చెప్పకపోతే రిసెప్షన్‌వాళ్లు హోటల్ మొబైల్ నంబరే కొట్టేస్తున్నారు. 612 బిల్లులను ఐడీ లేని వరసలుగా మార్చి ఫైలు మళ్లీ పంపాం, తనిఖీ మళ్లీ మొదటి నుంచి చేసి.